48 కొనాలా, 50 కొనాలా? యూరప్ కోటు సైజును మన అంగుళాల్లోకి మార్చుకునే పద్ధతి

మా తమ్ముడి ఎంగేజ్‌మెంట్‌కు నెల ముందు స్టుట్‌గార్ట్‌లో ఉన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, చిన్న బావకు సూటు ఇక్కడే కొంటాను. కానీ ఇక్కడ 38, 40 లేవు. 48, 50, 52, 54 అని ఉన్నాయి. ఏది తీసుకోను?" అన్నాడు. చిక్కడపల్లిలో మేము ఎప్పుడూ కుట్టించుకునే మాస్టర్ ఇచ్చిన చీటీ బీరువాలో ఉంటే తీసి చదివాను. దాని మీద చెస్ట్ 42 అని ఉంది. అదే చెప్పాను.

బావమరిది లెక్క తప్పేమీ చేయలేదు. 42 అంగుళాలంటే 106.7 సెంటీమీటర్లు. అందులో సగం 53 చిల్లర. అక్కడ సరి సంఖ్యలే ఉంటాయి కాబట్టి 54 కొన్నాడు. ఊరికి వస్తున్న స్నేహితుడి చేతికిచ్చి పంపాడు. తమ్ముడు తొడుక్కుంటే భుజాల చివర్లు చేతుల మీదికి జారిపోయాయి, బొత్తాం పెట్టాక పొట్ట ముందు ఒక పుస్తకం పట్టేంత ఖాళీ ఉంది. తమ్ముడి అసలు సైజు 50. రెండు సైజులు పెద్దది వచ్చింది. వెనక్కి పంపే దారి లేదు. ఎంగేజ్‌మెంట్‌కు వాడు పాత బ్లేజరే వేసుకున్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో కనుక్కోవడానికి ఆ చీటీ పట్టుకుని మాస్టర్ దగ్గరికి వెళ్లాను. "సార్, ఒంటి మీద 39 వచ్చింది. మూడు లూజు కలిపి 42 రాశాను. కత్తిరించేటప్పుడు నాకు కావాల్సింది అదే కదా" అన్నారు. ఆయన రాసింది కోటు కొలత. మేము దాన్ని మనిషి కొలత అనుకున్నాం. రిసెప్షన్‌కు మళ్లీ సూట్లు కొనాల్సి వచ్చినప్పుడు, ఈసారి నాకూ తమ్ముడికీ రెండూ అక్కడి నుంచే తెప్పించాం, రెండూ సరిపోయాయి. ఆ రెండు కోట్ల లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రెండంకెల సంఖ్య ఏమిటి

జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో మగవాళ్ల కోటు మీద ఉండే 48, 50 అనేవి ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి అందులో తీసుకున్న సగం. 48 అంటే 96 సెంటీమీటర్ల ఛాతీ. 50 అంటే వంద. 52 అంటే 104. ఇది మనిషి ఛాతీ కొలత, కోటు కొలత కాదు. ఆ ఛాతీ ఉన్న మనిషికి సరిపోయేలా లూజు ఎంత వదలాలో కోటు తయారుచేసేవాళ్లే లెక్క వేసుకుని కుట్టేస్తారు. మనం మళ్లీ లూజు కలిపామా, మా తమ్ముడికి అయినట్టే అవుతుంది.

అమెరికా, ఇంగ్లండ్ కోట్ల మీద ఉండే 38, 40 కూడా మనిషి ఛాతీయే. కాకపోతే అది అంగుళాల్లో, సగం చేయకుండా ఉంటుంది. మన దగ్గర రెడీమేడ్ బ్లేజర్లు కూడా ఎక్కువగా ఈ అంగుళాల పద్ధతిలోనే దొరుకుతాయి కాబట్టి మనకు అలవాటైంది అదే.

ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. "నాది 40 సైజు" అని చాలామంది తమ ఫార్మల్ షర్టు లేబుల్ చూసి చెబుతారు. మన ఫార్మల్ షర్టుల మీద ఉండే 39, 40, 42 సాధారణంగా కాలర్ కొలతలు, అదీ సెంటీమీటర్లలో. 40 నంబరు షర్టు అంటే మెడ చుట్టూ 40 సెంటీమీటర్లు, అంటే దాదాపు పదిహేను ముప్పావు అంగుళాలు. ఆ సంఖ్యకూ కోటు ఛాతీకీ సంబంధం లేదు. కోటు కోసం ఎవరైనా సైజు అడిగితే షర్టు లేబుల్ చూసి చెప్పకండి, టేపు తీయండి.

రెండు లెక్కలు, ఏది నమ్మాలి

యూరప్ సైజును అంగుళాల్లోకి మార్చడానికి జనం వాడే పద్ధతులు రెండు. మొదటిది పది తీసేయడం. 48 లోంచి పది తీస్తే 38, 50 లోంచి తీస్తే 40. నోటితో చెప్పేయొచ్చు, షాపులో పనిచేసే కుర్రాళ్లకు కూడా ఇదే వచ్చు. రెండోది అసలు లెక్క. సైజును రెట్టింపు చేస్తే సెంటీమీటర్లు వస్తాయి, వాటిని 2.54తో భాగిస్తే అంగుళాలు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది.

| యూరప్ సైజు | ఛాతీ సెంటీమీటర్లు | అసలు అంగుళాలు | పది తీస్తే |
|---|---|---|---|
| 46 | 92 | 36.2 | 36 |
| 48 | 96 | 37.8 | 38 |
| 50 | 100 | 39.4 | 40 |
| 52 | 104 | 40.9 | 42 |
| 54 | 108 | 42.5 | 44 |
| 56 | 112 | 44.1 | 46 |
| 58 | 116 | 45.7 | 48 |

46, 48 దగ్గర రెండూ ఒకటే మాట చెబుతున్నాయి. 50 దగ్గర అరంగుళం పైచిలుకు తేడా మొదలైంది. 54కి వచ్చేసరికి అంగుళంన్నర, 58కి రెండంగుళాలు దాటింది. దీనికి కారణం మెట్టు కొలతలోనే ఉంది. యూరప్‌లో ఒక సైజు నుంచి తర్వాతి సైజుకు ఛాతీ 4 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంగుళాల పద్ధతిలో 38 నుంచి 40కి వెళ్తే రెండంగుళాలు, అంటే 5.08 సెంటీమీటర్లు పెరుగుతుంది. ప్రతి మెట్టుకూ సెంటీమీటరుకు కాస్త ఎక్కువే తేడా పడుతూ పోతుంది. 47 దగ్గర కలిసి ఉన్న రెండు లెక్కలు పైకి వెళ్లేకొద్దీ అందుకే విడిపోతాయి.

కాబట్టి నా సలహా ఇది. సన్నగా, మధ్యరకంగా ఉన్న మనిషి, అంటే ఛాతీ 36 నుంచి 38 అంగుళాల మధ్య ఉన్నవాళ్లు, పది కలిపే లెక్కతో ధైర్యంగా కొనొచ్చు. 39 దాటినవాళ్లు దాన్ని వదిలేసి అసలు లెక్క వాడండి. అది కూడా కష్టం కాదు. మీ ఛాతీ అంగుళాలను 1.27తో గుణిస్తే నేరుగా యూరప్ సైజు వస్తుంది. రెట్టింపు, సగం, భాగహారం అన్నీ ఆ ఒక్క సంఖ్యలోనే అయిపోతాయి.

తమ్ముడికి ఇది వేసి చూడండి. 39ని 1.27తో గుణిస్తే 49.5. దగ్గరి సరి సంఖ్య 50. పది కలిపే పద్ధతిలో 49 వస్తుంది, అప్పుడు 48 తీసుకోవాలా, 50 తీసుకోవాలా అని టెన్షన్. సెంటీమీటర్లలో చూస్తే ఆ టెన్షనే లేదు. జర్మన్ పట్టికల్లో 48 సైజు 94 నుంచి 97 సెంటీమీటర్ల ఛాతీకి, 50 సైజు 98 నుంచి 101కి అని రాస్తారు. తమ్ముడు 99. 50లో హాయిగా కూర్చున్నాడు.

నా 44 ఎందుకు తిప్పలు పెట్టింది

నా ఛాతీ 44 అంగుళాలు. 1.27తో గుణిస్తే 55.9, అంటే 56. కానీ షాపులో బావమరిది చూపించిన కోటు లేబుల్ మీద "54" అని, దాని పక్కనే "యూఎస్ 44" అని రెండూ అచ్చువేసి ఉన్నాయి. అక్కడి సేల్స్ మనిషి కూడా 44 అయితే 54 తీసుకోండి అన్నాడట. బావమరిది వీడియో కాల్‌లో లేబుల్ చూపిస్తుంటే నాకు కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చింది, కంపెనీవాళ్లే రాశారు కదా అని.

విషయం ఏమిటంటే, చాలామంది తయారీదారులు రెండో సంఖ్యను ఆ పది తీసేసే లెక్కతోనే అచ్చు వేస్తారు. లేబుల్ మీద రెండు దేశాల సైజులు ఉన్నంత మాత్రాన ఎవరో కొలిచి రాశారని అనుకోకూడదు. కోటు ఏ దేశపు కంపెనీదో ఆ దేశపు సంఖ్యను నమ్మాలి, పక్కనున్నది అనువాదం మాత్రమే. జర్మన్ కోటు మీద 54 అంటే 108 సెంటీమీటర్ల మనిషికి కుట్టింది. నాది 112కి దగ్గర. నాలుగు సెంటీమీటర్లు బిగువు.

అయినా కొన్ని కంపెనీలు పెద్ద సైజుల్లో కాస్త వదులుగా కుడతాయి కాబట్టి లెక్క ఒక్కదాన్నే పట్టుకుని కొనడం నాకు ఇష్టం లేదు. అందుకని బావమరిది చేత కోటునే కొలిపించాను.

కోటు నుంచి సైజు కనుక్కునే చిన్న కిటుకు

కోటుకు బొత్తాం పెట్టి బల్ల మీద వెల్లకిలా పరచాలి. ముడతలు లేకుండా సర్దాలి, కానీ లాగి సాగదీయకూడదు. ఒక చంక కింద కుట్టు నుంచి రెండో చంక కింద కుట్టు దాకా టేపు అడ్డంగా పెట్టి సెంటీమీటర్లలో చదవాలి. మామూలు ఫిటింగ్ కోటు చుట్టుకొలత మనిషి ఛాతీ కంటే 10 సెంటీమీటర్లు, అంటే నాలుగంగుళాలు, అటూ ఇటూగా ఎక్కువ ఉంటుంది. పరిచి కొలిచింది సగం కాబట్టి, అందులోంచి 5 తీసేస్తే మిగిలేది ఆ కోటు యూరప్ సైజు. చంక నుంచి చంకకు 55 వస్తే అది 50 సైజు కోటు.

బావమరిది 54 కోటును కొలిస్తే 59 వచ్చింది. అయిదు తీస్తే 54. అంటే ఆ కోటు తన జర్మన్ నంబరుకు నిజాయితీగా ఉంది, "యూఎస్ 44" అన్నమాటే ఎక్కువ చెప్పింది. 56 కోటు కొలిస్తే 61. దాన్నే కొనమన్నాను. ఈ రోజుకీ నేను వేసుకుంటున్నది అదే.

ఈ కిటుకును మీ బీరువాలో ఉన్న కోటు మీద కూడా వాడొచ్చు. మీకు చక్కగా సరిపోయే బ్లేజరు ఒకటి ఉంటే దాన్ని ఇలా పరిచి కొలిచి, వచ్చిన సంఖ్యను విదేశంలో ఉన్నవాళ్లకు పంపండి. వాళ్లు షాపులో అదే కొలత ఉన్న కోటు వెతికితే చాలు, ఏ దేశపు లేబుల్ అయినా ఫర్వాలేదు. కానీ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. స్లిమ్ ఫిట్ కోట్లలో లూజు తక్కువ వదులుతారు కాబట్టి 5 బదులు 4 తీయాల్సి రావచ్చు. పాతకాలపు వదులు కోట్లలో 6 దాకా పోతుంది. సాగే బట్టతో కుట్టిన కోట్లు ఇంకా తక్కువ లూజుతో వస్తాయి. అలాంటి వాటికి ఈ లెక్క వాడొద్దు, తొడుక్కుని చూడాల్సిందే.

ఒంటి కొలత సరిగ్గా తీయడం

లెక్క ఎంత బాగున్నా మొదటి సంఖ్య తప్పైతే అంతా తప్పే. మా మొదటి కోటు విషయంలో అదే జరిగింది. అందుకని మాస్టర్ చేతే మళ్లీ కొలిపించాను, ఈసారి "ఒంటి కొలత మాత్రమే రాయండి మాస్టర్, లూజు కలపొద్దు" అని ముందే చెప్పి. పల్చటి షర్టు మీద లేదా బనియను మీద కొలవాలి. టేపు చంకల కింద నుంచి, ఛాతీ బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట, వెనక భుజపు రెక్కల మీదుగా పోవాలి. వెనక జారి కిందికి దిగితే కొలత మారిపోతుంది, అద్దంలో పక్కకు తిరిగి చూస్తే తెలుస్తుంది. చేతులు కిందికి వదిలేసి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. టేపు లోపల వేలు పెట్టకూడదు. మన మాస్టర్లు అలవాటుగా రెండు వేళ్లు పెడతారు, దాంతోనే ఒక అంగుళం దాకా పెరుగుతుంది. సెంటీమీటర్ల వైపు చదివి రాస్తే మార్పిడి పనే ఉండదు.

ఇంట్లో పాత చీటీ ఉంటే దాని మీద సంఖ్య ఒంటిదా కోటుదా అనేది గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. అదే మనిషి ఛాతీని ఇప్పుడు కొలవండి. చీటీ సంఖ్య మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉంటే అది కోటు కొలతే.

మధ్యలో పడితే 48ఆ, 50ఆ

ఛాతీ 97, 98 సెంటీమీటర్ల దగ్గర ఉన్నవాళ్లకు రెండు సైజులూ చేతికందుతాయి. అక్కడ నేను ఛాతీని పక్కన పెట్టి భుజాలను చూస్తాను. నడుము దగ్గర వదులుంటే మాస్టర్ పక్క కుట్లలోంచి లోపలికి పట్టేస్తారు, అది చిన్న పని. చేతుల పొడవు తగ్గించడం కూడా సులువే, కఫ్ దగ్గర బొత్తాం కాజాలు నిజంగా తెరిచి ఉంటే తప్ప. భుజాలు మాత్రం అలా కాదు. చేతిని మొత్తం విప్పి, ప్యాడ్ తీసి, మళ్లీ ఎక్కించాలి. మా 54 కోటును చూపిస్తే ఆబిడ్స్‌లో ఇద్దరు మాస్టర్లు తలలు అడ్డంగా ఊపారు, చేసినా కోటు రూపం పోతుందన్నారు.

భుజం సరిపోయిందో లేదో ఇలా తెలుస్తుంది. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక అయిపోయేచోటే ఆగాలి. ఆ కుట్టు దాటి కిందికి వేలాడుతూ చేతి మీద చిన్న గుంట కనిపిస్తే పెద్దది. కుట్టు లోపలికి ఉండి చేతి పైభాగం ఉబ్బినట్టు కనిపిస్తే చిన్నది. ఛాతీ దగ్గర బిగువుంటే, బొత్తాం పెట్టగానే దాని చుట్టూ గుణకారం గుర్తులా ముడతలు పడతాయి. ఆ ముడతలు పడుతుంటే 48 వదిలేసి 50 తీసుకోండి. ముడతలు లేవు, భుజాలు కూడా 48లో కుదిరాయి అంటే 48 మంచిది, ముఖ్యంగా మన ఊళ్లో. అక్కడి చలికి కోటు లోపల స్వెట్టరు వేసుకుంటారు, అందుకని అక్కడి మనుషులు పెద్ద సైజు వైపు మొగ్గుతారు. మన రిసెప్షన్‌కు ఒక పల్చటి షర్టే కదా. లోపల వేస్ట్‌కోటు కూడా వేసుకుంటే మాత్రం ఆ మందాన్ని లెక్కలో పెట్టుకోవాలి.

తొడుక్కుని చూసే అవకాశమే లేనప్పుడు, ఎవరో తెచ్చిస్తున్నప్పుడు, మధ్యలో పడినవాళ్లు పెద్దదే తీసుకోవాలి. లోపలికి పట్టడానికి బట్ట ఎప్పుడూ ఉంటుంది, బయటికి వదలడానికి కోటు లోపల మిగిలే బట్ట చాలా తక్కువ.

ప్యాంటు సంగతి, వింత సంఖ్యల సంగతి

పూర్తి సూటు కొనేవాళ్లు "డ్రాప్" అనే మాట చూస్తారు. ఇటాలియన్ సూట్ల మీద ఇది ఎక్కువ. కోటు సైజులోంచి నడుము సెంటీమీటర్లలో సగాన్ని తీసేస్తే వచ్చేదే డ్రాప్. 50 కోటుకు డ్రాప్ 6 అంటే నడుములో సగం 44, అంటే నడుము 88 సెంటీమీటర్లు. తమ్ముడి నడుము 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు, సగం 43. వాడికి డ్రాప్ 7 సరిగ్గా సరిపోయింది. నా నడుము 41 అంగుళాలు, సగం 52 సెంటీమీటర్లు. 56 లోంచి 52 పోతే 4. డ్రాప్ 6 సూటులో నడుము సగం 50 ఉన్న ప్యాంటు వస్తుంది, నాకు పట్టదు. అందుకే కోటూ ప్యాంటూ విడివిడిగా అమ్మే షాపులో కొనమన్నాను. అమెరికా సూట్లలోనూ డ్రాప్ 6 అంటారు, కానీ అక్కడ అది ఆరు అంగుళాల పూర్తి తేడా. ఇటలీ డ్రాప్ 6 అంటే 12 సెంటీమీటర్లు, అయిదంగుళాల లోపే. పేరు ఒకటే అయినా కొలత వేరు.

జర్మనీలో పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ వేరే సంఖ్యలు ఉంటాయి. 24, 25, 26 అని కనిపిస్తే అవి పొట్టి సైజులు, రెట్టింపు చేస్తే మామూలు సైజు. 25 అంటే 50కి పొట్టి రూపం. 98, 102, 106 లాంటివి పొడుగు సైజులు, 98 దాదాపు 50కి పొడుగు రూపం. బావమరిది మొదట 25 చూసి పిల్లల సైజు అనుకున్నాడు. మా తమ్ముడు అయిదడుగుల అయిదంగుళాలు, చివరికి వాడికి సరిపోయింది ఆ 25 సైజే, కోటు అంచు సరిగ్గా ఉండాల్సిన చోట ఆగింది.

ఆడవాళ్ల కోట్ల మీద ఉండే 38, 40, 42 లెక్క వేరు. ఇక్కడ చెప్పింది వాటికి వర్తించదు.

రెండోసారి నేను బావమరిదికి పంపిన మెసేజ్ ఇది. మీరూ మీ కొలతలు పెట్టి ఇలాగే పంపొచ్చు: "తమ్ముడు, ఒంటి ఛాతీ 99 సెంటీమీటర్లు, లూజు కలపలేదు. ఒంటి నడుము 86. ఎత్తు 165. సరిపోయే పాత బ్లేజరు చంక నుంచి చంకకు 55. కోటు 50 లేదా పొట్టిలో 25, డ్రాప్ 7. కొనేముందు బల్ల మీద పరిచి చంక నుంచి చంకకు కొలిచి ఫోటో పెట్టు."